మందు మానేసిన వాళ్లు ఏరి?

వేదిక మీది పెద్దలకు, పీజీ విద్యార్థులకు నమస్కారం. విశాఖ ఉక్కపోతలో, భోజనాల తర్వాత, గణాంకాల మీద ప్రసంగం పెట్టిన నిర్వాహకులను ఏమనాలో తెలియదు. మిగతా మర్యాదలు టీ దగ్గర చూసుకుందాం. నాకొక ఫిర్యాదు ఉంది.

పత్రికకు పంపే ముందు చూడమని నా దగ్గరికి మందుల ప్రయోగాల వ్యాసాలు వస్తుంటాయి. పద్ధతుల విభాగంలో ‘ఇంటెన్షన్ టు ట్రీట్ విశ్లేషణ చేశాం’ అని ఉంటుంది, అంటే మందు మానేసినా సరే, అందరినీ లాటరీలో పడిన గ్రూపులోనే లెక్కించామని. ఫలితాల పట్టికలో చూస్తే, లాటరీలో 60 మంది పడిన గ్రూపు 51 మందే అయి ఉంటుంది. మిగతా తొమ్మిది మంది ఏరయ్యా అంటే, ‘పాడేరు వైపు వాళ్లు సార్, వాంతులని మందు మానేశారు, తీసేశాం’ అంటారు. మందు పడనివాళ్లను తీసేశాక మందు బాగా పని చేసిందంటే ఎలా? ఆ చేసింది పర్ ప్రోటోకాల్, అంటే మందు సరిగా వాడినవాళ్లనే లెక్కించడం. పేరు మాత్రం మరొకటి.

మందు వాడినవాళ్లనే లెక్కిస్తే తప్పేమిటని అడుగుతారు. అమెరికాలో గుండెపోటు వచ్చిన మగవాళ్ల మీద చేసిన కరోనరీ డ్రగ్ ప్రాజెక్టును చూడండి. క్లోఫైబ్రేట్ ఇచ్చిన గ్రూపులో, 80 శాతం పైగా మాత్రలు వేసుకున్నవారిలో అయిదేళ్లలో చనిపోయినవారు 15.0 శాతం. సరిగా వేసుకోనివారిలో 24.6 శాతం. మందు మహిమే అనిపిస్తుంది కదా? కాస్త ఆగండి. ఉత్తుత్తి మాత్రల గ్రూపులో బుద్ధిగా వేసుకున్నవారిలో 15.1, వేసుకోనివారిలో 28.2! అందులో మందే లేదు. మాత్రలు క్రమంగా వేసుకునే మనిషి వేరే విధాలుగానూ భిన్నమైనవాడు. నమోదు నాటి 40 లక్షణాలను సర్దుబాటు చేసినా ఆ తేడా పోలేదు. అందరినీ లాటరీ పడిన గ్రూపులోనే ఉంచి లెక్కిస్తే చనిపోయినవారు క్లోఫైబ్రేట్ గ్రూపులో 20.0 శాతం, ఉత్తుత్తి మాత్రల గ్రూపులో 20.9. మందుకు చెప్పుకోదగ్గ లాభం లేదు. ఈ వివరాలు 1980లోనే అచ్చయ్యాయి. మనం ఇంకా తొమ్మిది మందిని దాస్తూనే ఉన్నాం.

వ్యాసంలో ఎలా సమర్థించుకోవాలంటే, ముందు ప్రశ్న రాయండి. ‘ఈ మందు రాసిస్తే రోగులకు మేలు జరుగుతుందా అన్నది మా ప్రశ్న. కాబట్టి అందరినీ కేటాయించిన గ్రూపులోనే విశ్లేషించాం’ అంటే చాలు. మందు మానేసినా ఫలితం తెలిసినవారు లెక్కలో ఉండాలి. అసలు ఫలితమే దొరకనివారి సంగతి వేరు: వారి విషయంలో ఏమి ఊహించుకున్నారో విడిగా చెప్పాలి. పర్ ప్రోటోకాల్ కూడా ఇస్తే, ఎన్ని మాత్రలు వేసుకుంటే లెక్కలోకి తీసుకున్నారో, ఆ నిర్వచనం ఫలితాలు చూడకముందే ఖాయమైందో లేదో, ఏ గ్రూపులో ఎందరు ఎందుకు పోయారో రాయాలి.

కొత్త మందు పాతదానికి తీసిపోదని చూపే ప్రయోగంలో మాత్రం మెలిక ఉంది. రెండు గ్రూపులవారూ మందులు సరిగా వాడకపోతే రెండూ ఒకేలా కనిపిస్తాయి, అశ్రద్ధే గెలిపించేస్తుంది. అక్కడ రెండు విశ్లేషణలూ పక్కపక్కన పెట్టండి. రెండూ ఒకే మాట చెప్పకపోతే, నచ్చినదాన్ని సారాంశంలోకి ఎక్కించి రెండోదాన్ని అనుబంధంలో పడేయకండి. ఎవరు, ఏ గ్రూపులో, ఎందుకు మానేశారో చర్చలో రాయండి. రివ్యూయర్ మొదట అడిగేది అదే.