టీషర్టు మీది ప్రింటు మరక కాదు, పోస్టర్

నమస్తే. వినాయక నిమజ్జనం అయిపోయాక మా నల్లగొండలో చాలా ఇళ్లల్లో ఒక యూత్ కమిటీ టీషర్టు మిగులుతుంది. గుడ్డ బాగానే ఉంటుంది, కానీ వీపు నిండా అసోసియేషన్ పేరు. పేరు తీసేసి ప్లెయిన్‌గా వేసుకుందామంటే అందరూ ఒకటే చెప్తారు: "బ్లీచింగ్‌లో నానబెట్టు, పోతది." పోదు. ఆ మాట వింటే నాకు చాలా చిరాకు, ఎందుకంటే మంచి మంచి చొక్కాలు దానివల్లే పాడవుతున్నాయి.

ఆ అక్షరాల్లోని తెలుపు టైటానియం డయాక్సైడ్ అనే పొడి. గోడల పెయింట్లలోనూ ఉండేది అదే. బ్లీచింగ్ దాన్ని తాకను కూడా తాకదు, చుట్టూ ఉన్న గుడ్డ రంగునే తినేస్తుంది. చివరికి అక్షరాలు భద్రంగా ఉంటాయి, చొక్కా మచ్చలు పడుతుంది.

ప్రింటును గోడ మీది పోస్టర్ అనుకోండి. పోస్టర్ గోడలోకి ఇంకదు, పైన అంటుకుని ఉంటుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడే ఇంకు ప్లాస్టిసాల్, అంటే మెత్తటి పీవీసీ ప్లాస్టిక్. దాదాపు 160 డిగ్రీల వేడి తగలగానే అది పొరలా గట్టిపడి నూలు పోగులను పట్టుకుంటుంది. నూలుతో రసాయనికంగా కలవదు. అందుకే ఊడదీయొచ్చు.

(క్లోజప్: రెండు చేతులతో ప్రింటును సాగదీయాలి)

చూడండి, సాగదీస్తే సన్నటి పగుళ్లు వస్తున్నాయి, వాటి సందుల్లోంచి నీలం గుడ్డ కనిపిస్తోంది. వేలితో రాస్తే రబ్బరులా తగులుతోంది. ఇది పోస్టరే. ఎంత రాసినా వేలికి గుడ్డ తప్ప ఏమీ తగలకపోతే ఆ రంగు గోడలోకి ఇంకినట్టే. దాని మీద శ్రమ పడకండి.

ఇప్పుడు పని. గోళ్ల రంగు తీసే ద్రవం కొనండి, సీసా మీద అసిటోన్ అని రాసి ఉండాలి. 'అసిటోన్ లేనిది' అని ఉన్న రకం దీనికి పనికిరాదు. ముందు అంచు మడత లోపల ఒక చుక్క వేసి, తెల్లగుడ్డతో అద్దండి. తెల్లగుడ్డకు నీలం అంటితే అక్కడే ఆపేయండి. ఈ పని ఆరుబయట చేయండి. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో పొయ్యి, అగరుబత్తి, వేడి ఇస్త్రీపెట్టె ఏవీ ఉండకూడదు. బ్లీచింగ్‌తో అసలే కలపకండి, విషపు ఆవిర్లు వస్తాయి.

చొక్కాను తిరగేసి, ప్రింటు కింద పాత తెల్లగుడ్డ మడతలు పెట్టండి. వెనక వైపు నుంచి అసిటోన్ పోసి, స్టీలు ప్లేటు బోర్లించి కాసేపు వదిలేయండి. పోస్టర్‌ను తడిపితే ఎలా ఉబ్బి అంచులు లేస్తాయో, ప్రింటూ అలాగే ఉబ్బి ముడతలు పడుతుంది. అప్పుడు చెంచా అంచుతో పక్కల నుంచి మధ్యలోకి గీకండి. బ్లేడు వద్దు. ఎండు పోస్టర్‌ను గీకితే సున్నం పెచ్చు ఊడొస్తుంది కదా, ఇక్కడ పోగులు తెగి నూగు లేస్తుంది. ఊడనిచోట బలం పెట్టకుండా మళ్లీ తడపండి. ఒక్క విడతలో రాదు. చివర్లో పోగుల మధ్య తెల్లటి రేణువులు మిగులుతాయి, వాటిని అసిటోన్‌లో ముంచిన దూదితో అద్ది తీయండి. ఆవిరంతా పోయేదాకా గాలికి ఆరేసి, తర్వాత ఆ చొక్కాను విడిగా ఉతకండి.

(క్లోజప్: ఉతికిన చొక్కా, ఎండ వెలుతురులో)

అక్షరాలు పోయాయి, కానీ వాటి ఆకారం ముదురు నీలంగా ఇంకా కనిపిస్తోంది. ఇది ఇంకు కాదు. పాత పోస్టర్ పీకితే దాని కింద గోడ కొత్తగా కనిపించినట్టే ఇది. చుట్టూ గుడ్డ మన ఎండకు, ఉతుకులకు వెలిసింది, ప్రింటు కిందిది వెలవలేదు. దీన్ని ఏ ద్రవమూ తీయలేదు. చొక్కా మొత్తానికి నల్ల రంగు వేయిస్తే చాలావరకు కలిసిపోతుంది. కానీ ప్లాస్టిక్ రేణువులు ఏమాత్రం మిగిలినా అక్కడ రంగు పట్టదు, కాబట్టి అవి పోయాకే రంగు. అసలు కొత్త చొక్కా మీదే ప్రింటు తీసేస్తే ఈ ఆకారం పెద్దగా పడదు, నా సలహా అదే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. షీటులా కత్తిరించి వేడితో అతికించే వినైల్ స్టిక్కర్లకు అసిటోన్ కన్నా ముందు ఇస్త్రీ. స్టిక్కర్ మీద కాగితం వేసి వేడి చేస్తే జిగురు కరుగుతుంది, అంచు పట్టుకుని మెల్లగా లాగండి. మిగిలిన జిగురుకు ఇస్త్రీపెట్టె పూర్తిగా చల్లారాక అసిటోన్. కబడ్డీ, క్రికెట్ జెర్సీల్లాంటి పాలిస్టర్ వాటి మీద రంగు చాలావరకు సబ్లిమేషన్ పద్ధతిలో వేస్తారు. వేడికి రంగు ఆవిరై పోగులోపలికే వెళ్లి కూర్చుంటుంది. దాన్ని ఇంట్లో తీయలేం, పైన గుడ్డముక్క కుట్టించడమే.