ఈఎస్‌జీ ఫండ్‌లోకి బొగ్గు ఎట్లా వచ్చింది?

"అన్నా, ఈఎస్‌జీ ఫండ్‌ల పెడితే మన పైసలు బొగ్గు కంపెనీలకు, సిగరెట్ కంపెనీలకు పోవు గదా?" హన్మకొండ నుంచి ఒక తమ్ముడు అడిగాడు.

పోవచ్చు తమ్ముడూ. పేరులో ఈఎస్‌జీ అని ఉన్నంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు.

ఈ అంటే పర్యావరణం, ఎస్ అంటే ఉద్యోగులు, చుట్టుపక్కల జనం, జీ అంటే కంపెనీని నడిపే తీరు. లాభనష్టాలతో పాటు ఈ మూడూ చూసి షేర్లు ఎంచుకోవాలన్నది ఆలోచన. 2004లో ఐక్యరాజ్యసమితి చొరవతో వచ్చిన ఒక నివేదికతో ఈ పేరు స్థిరపడింది. ఆలోచనలో తప్పేమీ లేదు. తిప్పలంతా మార్కులు వేసే దగ్గర మొదలవుతుంది.

ఐటీసీ సంగతి చూద్దాం. భద్రాచలం దగ్గర సారపాకలో పేపర్ మిల్లు నడిపే కంపెనీయే. దాని లాభంలో పెద్ద వాటా సిగరెట్లది. అదే ఐటీసీకి ఎంఎస్‌సీఐ అనే రేటింగ్ సంస్థ ఇచ్చింది డబుల్ ఏ. పైనుంచి రెండో మెట్టు! కంపెనీ తన నివేదికల్లో దీన్ని గర్వంగా చెప్పుకుంటూ ఒక మాట కలుపుతుంది: ప్రపంచంలోని పొగాకు కంపెనీలన్నింటిలో ఇదే అత్యధికం అని.

ఆ మాట దగ్గర ఆగండి. ఎంఎస్‌సీఐ ప్రతి కంపెనీనీ దాని రంగంలోని మిగతా కంపెనీలతోనే పోలుస్తుంది. పొగాకు కంపెనీని పొగాకు కంపెనీలతో, సిమెంటును సిమెంటుతో. పైగా అది ప్రధానంగా కొలిచేది లోకానికి ఈ కంపెనీ వల్ల జరిగే చెడు కాదు. నీళ్ల కొరత, కొత్త చట్టాలు, కార్మికుల గొడవలు వస్తే ఈ కంపెనీ లాభాలకు ఎంత దెబ్బ, దానికి ఎంత సిద్ధంగా ఉంది అన్నది. ఇన్వెస్టర్‌కు పనికొచ్చే లెక్కే, కాదనను. కానీ మన తమ్ముడు అడిగింది అది కాదు కదా. "ఇది మంచి కంపెనీయేనా?" అని అతను అడుగుతుంటే, "దీనికి రిస్క్ తక్కువే" అని రేటింగ్ చెబుతోంది.

పోనీ రేటింగ్ సంస్థలన్నీ ఒకే మాట మీద ఉన్నాయా అంటే అదీ లేదు. బెర్గ్, కోల్బెల్, రిగోబన్ అనే ముగ్గురు పరిశోధకులు ఆరు సంస్థల రేటింగులను పక్కపక్కన పెట్టి చూశారు. 2022లో అచ్చయిన ఆ పేపర్ ప్రకారం వాటి మధ్య పొంతన సగటున 0.54. పూర్తిగా ఒకే మాట అయితే 1 రావాలి. అప్పు తీర్చే సత్తాకు ఇచ్చే క్రెడిట్ రేటింగుల్లో ఇదే అంకె 0.92. తేడాలో సగానికి పైగా, 56 శాతం, కొలిచే పద్ధతి దగ్గరే వచ్చింది. ఉద్యోగులను ఎట్లా చూసుకుంటున్నారో తేల్చాలనుకోండి. ఒకరు ఏడాదికి ఎంతమంది ఉద్యోగం మానేశారో చూస్తారు, ఇంకొకరు కంపెనీ మీద ఎన్ని కార్మిక కేసులు ఉన్నాయో చూస్తారు. ఒకే కంపెనీకి రెండు వేర్వేరు జవాబులు వస్తాయి. రెండూ తప్పని చెప్పలేం. ఇంకో చిక్కు, సస్టెయినలిటిక్స్ అనే సంస్థ స్కోరులో అంకె తగ్గితే మంచిది, చాలా సంస్థల్లో పెరిగితే మంచిది. చూసుకోకుండా పోలిస్తే తలకిందులవుతుంది.

ఇక గ్రీన్‌వాషింగ్, అంటే ఉన్నదానికంటే పచ్చగా కనిపించే ప్రయత్నం. ఇది పచ్చి అబద్ధంతోనే జరగాలని లేదు, నిజాన్ని ముక్క కోసి చూపించినా చాలు. రామగుండంనే తీసుకుందాం. అక్కడ ఎన్‌టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంట్ ఉంది, 2022 జూలై నుంచి పూర్తిగా నడుస్తోంది. దాదాపు 500 ఎకరాల నీటి మీద పలకలు. ఫొటోలో కనుల పండుగే. మంచి పని, నీళ్లు ఆవిరి కావడమూ తగ్గుతుంది. అదే ఆవరణలో పాత బొగ్గు ప్లాంట్ 2,600 మెగావాట్లు. మెగావాట్లు చూస్తే 26 రెట్లే కదా అనిపిస్తుంది.

కానీ ఎండ రాత్రి ఉండదు, వానాకాలం తగ్గుతుంది. సోలార్ తన సామర్థ్యంలో ఏడాది సగటున 22 శాతం నడుస్తుందనుకుంటే దాదాపు 20 కోట్ల యూనిట్లు. బొగ్గు ప్లాంట్ 70 శాతం నడుస్తుందనుకుంటే దాదాపు 1,600 కోట్ల యూనిట్లు. అంటే 80 రెట్లు! ఇక్కడ ఎన్‌టీపీసీ ఏమీ దాచలేదు, రెండూ దాని లెక్కల్లో ఉన్నవే. నా అభ్యంతరం ఆ ఫొటోను అట్ట మీద వేసి "పచ్చదనంలో పెట్టుబడి" అని అమ్మే ఏ ఫండ్ బ్రోషర్ మీదైనా.

ఇంతకంటే పట్టుకోవడం కష్టమైన తంతు ఇంకోటి ఉంది. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం ప్రకారం మన దేశంలో పెద్ద 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ఏటా ఈ మూడు సంగతుల మీద బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలి. (పార్టీ కాదండోయ్, చివర ఇంకో ఆర్ ఉంది.) అందులో ఆరో సూత్రం పర్యావరణం. అక్కడ కర్బన ఉద్గారాల పట్టికలో రెండు రకాల అంకెలు ఉంటాయి: మొత్తం ఎన్ని టన్నులు, అమ్మకాల్లో ఒక్కో రూపాయికి ఎంత. ఒక ఊహా కంపెనీ తీసుకుందాం. పోయినేడు అమ్మకాలు 1,000 కోట్లు, ఉద్గారం 5 లక్షల టన్నులు. కోటికి 500 టన్నులు. ఈ ఏడు ధరలు పెంచి 1,200 కోట్లు అమ్మింది, ఉద్గారం 5.5 లక్షల టన్నులు అయింది. కోటికి 458. "ఉద్గార తీవ్రత 8 శాతం తగ్గించాం" అని హెడ్డింగ్ పెట్టుకోవచ్చు, తప్పు కాదు. గాలిలోకి పోయిన పొగ మాత్రం 10 శాతం పెరిగింది. అందుకే శాతం కనిపించినప్పుడల్లా పక్కనున్న మొత్తం టన్నుల గడి చూడండి.

ఫండ్ నడిపేవాళ్లూ దొరికిపోయారు. జర్మనీకి చెందిన డీడబ్ల్యూఎస్ తన పెట్టుబడులన్నింటిలో ఈఎస్‌జీ చూస్తున్నామని ప్రచారం చేసుకుంది, లోపల ఆ పద్ధతి అంతగా అమలు కాలేదు. 2023లో అమెరికా నియంత్రణ సంస్థ దీనికే 1.9 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

మరి తమ్ముడు ఏం చూడాలి? 2023 జూలైలో సెబీ ఈఎస్‌జీ ఫండ్లను ఆరు రకాలు చేసింది. ఆ రకం ఏదో ఫండ్ చెప్పాలి, కనీసం 80 శాతం డబ్బు ఆ పద్ధతిలోనే పెట్టాలి. "ఎక్స్‌క్లూజన్" అయితే కొన్ని రంగాలను వదిలేస్తుంది. "బెస్ట్ ఇన్ క్లాస్" అయితే ప్రతి రంగంలో మెరుగైనవాటిని తీసుకుంటుంది, అందుకే అందులో సిగరెట్ కంపెనీ కూడా ఉండొచ్చు. ఎక్స్‌క్లూజన్‌లోనూ ఏ రంగాలను వదిలేశారో స్కీమ్ పత్రంలో చదవాలి. పొగాకు వదిలి బొగ్గు ఉంచుకున్నా రూల్ ప్రకారం సరిపోవచ్చు. నెలనెలా వచ్చే పోర్ట్‌ఫోలియోలో ఏ కంపెనీకి ఏ రేటింగ్ సంస్థ ఎంత స్కోర్ ఇచ్చిందో కూడా ఉంటుంది.

చివరగా, నాకు అన్నింటికన్నా బలంగా అనిపించే విమర్శ. మార్కెట్లో షేర్ కొంటే ఆ పైసలు కంపెనీకి పోవు, అమ్మినవాడికి పోతాయి. మనం బొగ్గు షేర్ అమ్మేస్తే ఇంకెవరో కొంటారు, బాయిలర్ ఆగదు. చాలా పెద్ద మొత్తంలో అందరూ దూరం జరిగితే కంపెనీకి కొత్త డబ్బు తేవడం ఖరీదవుతుంది, చిన్న ఇన్వెస్టర్ చేతిలో అది లేదు. ఫండ్ చేతిలో ఉన్న అసలు ఆయుధం వాటాదారుగా వేసే ఓటు. ఈఎస్‌జీ ఫండ్ కంపెనీల తీర్మానాల మీద ఎటు ఓటేసిందో, అది పర్యావరణ కారణంతోనా, పాలన కారణంతోనా అన్నది చెప్పాలి. ఆ వివరాలు ఫండ్ హౌస్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఫండ్ ఎంచుకునే ముందు ఒక ఏడాది ఓట్లు తెరిచి చూడండి. మేనేజ్‌మెంట్ పెట్టిన ప్రతిదానికీ "సరే" అనే కనిపిస్తే, అదనంగా ఫీజు ఎందుకు కట్టాలో ఆ ఫండ్ వాళ్లనే అడగండి.