తాతల నాటి దస్తావేజులో ఆ రెండు గీతలేంటి?

[తెరపై: గోధుమ రంగుకు తిరిగిన సిరా, పసుపెక్కిన కాగితం]

మీ ఇంట్లో వాళ్లు వాట్సాప్‌లో పంపిన పాత విక్రయ దస్తావేజు ఫోటో ఇలాగే ఉంటుంది. అలుక్కుపోయిన ఫోటోతో కుస్తీ పట్టకండి. ఫ్లాష్ లేకుండా, పగటి వెలుతురులో, నాలుగైదు వరుసలకో ఫోటో చొప్పున మళ్లీ తీయించండి. వెనక పక్క కూడా తీయమనండి, అదెందుకో చివర్లో చెప్తాను.

పాత నల్లసిరా వెలిసి గోధుమరంగు అవుతుంది. ఆ రంగు నీలి కాంతిని బాగా పీల్చుకుంటుంది. కాబట్టి GIMP అనే ఉచిత ఫోటో ఎడిటర్‌లో Colors > Components > Decompose నొక్కి, RGB ఎంచుకుని, blue పొరను చూడండి. చాలాసార్లు అక్షరం అందులోనే ముదురుగా కనిపిస్తుంది. కాగితం మరీ పసుపెక్కితే అదీ నల్లబడుతుంది. అప్పుడు green పొర చూడండి.

[తెరపై: నమూనాగా రాసిన వరుసలు]

ఇప్పుడు చదువుదాం. "తూపు౯" అని ఉంది. చివరిది తొమ్మిది అంకె కాదు, వలపలగిలక. ముందు పలకాల్సిన పొల్లు ర‌కారాన్ని అక్షరం తర్వాత ఇలా రాసేవారు. అంటే ఇది తూర్పు. అలాగే "కాతీ౯కం" అంటే కార్తీకం. హద్దులు రాసిన చోట దీన్ని అంకె అనుకుంటే లేని సర్వే నంబరు పుట్టుకొస్తుంది! మాట మధ్యలోనో, మాటకు అతుక్కునో ఉంటే గిలక అనుకోండి. పక్కన ఇతర అంకెలుంటే తొమ్మిది.

అసలు తికమక రెండు నిలువు గీతలది. "సం॥రం" అన్నచోట అవి మధ్య అక్షరాలు వదిలేశామని చెప్తాయి. అది సంవత్సరం. అవే గీతలు "రు ౧౨౫॥"లో అంకె తర్వాత వస్తే అర అని అర్థం. అంటే నూట ఇరవై అయిదు రూపాయల ఎనిమిది అణాలు. ఒక నిలువు గీత పావు, మూడైతే ముప్పావు. అడ్డగీత ఉంటే రూపాయిలో పదహారో వంతు, అంటే అణా. అనుమానమొస్తే కిందా పైనా వెతకండి. చాలా దస్తావేజుల్లో సొమ్మును అక్షరాల్లో కూడా రాస్తారు.

మరో చిక్కు. "ఇల్లు" అని వెతికితే దొరకదు, ఎందుకంటే "యిల్లు" అని రాశారు. ఉత్తరం "వుత్తరం" అవుతుంది, ఎకరాలు "యకరాలు". పైగా మాటల మధ్య ఖాళీ ఉండదు. అందుకే పైకి చదవండి, చెవికి చప్పున తెలుస్తుంది.

[తెరపై: "1931 నవంబరు 1_ ఆదివారం"]

చెరిగిపోయిన అంకె 5 అనిపిస్తోంది, 8 కూడా కావచ్చు. పాత క్యాలెండరు తీస్తే 15 ఆదివారం, 18 బుధవారం. కాబట్టి 15. పక్కన "ప్రజోత్పత్తి" అని ఉంటే ఏడాది కూడా సరిపోయినట్టే. 1931 ఉగాది నుంచి నడిచింది ఆ సంవత్సరమే.

ఇంకా తేలని అక్షరాలకు చుక్కలు పెట్టండి, ఊహించి పూరించకండి. రిజిస్టరైన దస్తావేజైతే వెనక పక్క నంబరు, సంవత్సరం, వాల్యూము, పేజీ ఉంటాయి. ఆ వివరాలతో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టవచ్చు. ఆ నకలు, మీ ఫోటో పక్కపక్కన పెట్టుకుని మీరు పెట్టిన చుక్కల దగ్గర్నుంచి సరిచూసుకోండి.