రెండు డాలర్ల నోటు ఏ సిరీస్‌ది? రంగు, బొమ్మ, నంబరు చెప్పే జవాబు

అందరికీ నమస్కారం.

పాత నోటు చేతికి రాగానే దాని మీద ముద్రించిన సంవత్సరం చూసి, అదే దాని వయసు అనుకుంటాం. చాలా దేశాల నోట్ల విషయంలో ఇది తప్పుతోవ పట్టిస్తుంది. ఎందుకంటే ఆ సంవత్సరం డిజైన్‌ది, నోటు అచ్చయిన ఏడాదిది కాదు. ఈరోజు ఒకే ఒక నోటును పట్టుకుని మాట్లాడతాను. అది కెనడా రెండు డాలర్ల నోటు. కెనడానే ఎందుకు తీసుకున్నానంటే, అక్కడ రంగు, బొమ్మ, సీరియల్ నంబరు మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తాయి. ఒకటి తేల్చలేనిది ఇంకొకటి తేలుస్తుంది.

ముందు రంగు చూద్దాం. బ్యాంక్ ఆఫ్ కెనడా 1935లో మొదలైంది. ఆ ఏడాది విడుదల చేసిన మొదటి సిరీస్‌లో రెండు డాలర్ల నోటు నీలం, అయిదు డాలర్లది నారింజ. 1937 సిరీస్ వచ్చేసరికి రెండు డాలర్లు ఎర్రమట్టి లాంటి గోధుమరంగుకు, అయిదు డాలర్లు నీలానికి మారాయి. ఒక డాలరు మాత్రం ఆకుపచ్చగానే ఉండిపోయింది. అందుకే రంగు చూసేముందు ఎన్ని డాలర్ల నోటో చూడాలి. నీలం రెండు డాలర్లయితే 1935 సిరీస్ అని దాదాపు అక్కడికక్కడే చెప్పేయొచ్చు. ఆకుపచ్చ ఒక డాలరయితే రంగుతో ఒరిగేదేమీ లేదు.

1935 నోట్లకు ఇంకో గుర్తుంది. ఇంగ్లిష్ నోట్లు వేరుగా, ఫ్రెంచ్ నోట్లు వేరుగా అచ్చువేశారు. 1937 నుంచి ఒకే నోటు మీద రెండు భాషలూ ఉంటాయి. కాబట్టి పాత నోటు మీద ఒకే భాష కనిపిస్తే, రంగు వెలిసిపోయినా కంగారు పడక్కర్లేదు.

రంగు వెలవడం నిజంగానే పెద్ద సమస్య. ఏళ్ల తరబడి ఫ్రేములో వేలాడిన నోటు ఎండకు పాలిపోతుంది. పసుపు బల్బు కింద చూస్తే గోధుమరంగు, నారింజ దాదాపు ఒకలాగే కనిపిస్తాయి. నేనయితే పగటి వెలుతురులో కిటికీ దగ్గర నిలబడి, ముందువైపు, వెనకవైపు పోల్చి చూస్తాను. ఒకవైపు పాలిపోయి, రెండోవైపు ముదురుగా ఉంటే ముదురు వైపునే నమ్ముతాను. ఫ్రేము అంచు కింద దాగిన భాగం కూడా అసలు రంగు చెబుతుంది.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది గోధుమ ఎరుపు రంగు నోటు అనుకుందాం. 1935 పోయింది. ఇక మిగిలినవి నాలుగు: 1937, 1954, 1974, 1986. ఇక్కడ రంగు పని అయిపోయింది, బొమ్మ దగ్గరకు రావాలి.

1937 నోటు మధ్యలో ఆరో జార్జ్ రాజు బొమ్మ ఉంటుంది. నోటును సగానికి మడిస్తే మడత సరిగ్గా మొహం మీద పడుతుంది. బాగా వాడిన 1937 నోట్లలో రాజుగారి ముక్కు అరిగిపోయి కనిపించడం మామూలే. 1954లో రెండో ఎలిజబెత్ రాణి బొమ్మను కుడివైపుకు జరిపారు. 1974, 1986 నోట్ల మీద కూడా రాణే, కుడివైపే, కానీ వయసు పెరిగిన మొహం. పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. ఒక్కటే చేతిలో ఉండి, దాని మీది సంవత్సరం అరిగిపోయి ఉంటే మాత్రం తడబడతాం.

అక్కడ సీరియల్ నంబరు ఆదుకుంటుంది. ఇందులో అంకెల కన్నా ముందుండే అక్షరాల అమరికే ముఖ్యం. 1937, 1954 నోట్లలో అక్షరాలు భిన్నంలా ఉంటాయి. పైన ఒక అక్షరం, మధ్యలో గీత, కింద ఇంకో అక్షరం, ఆ తర్వాత ఏడు అంకెలు. 1974, 1986 నోట్లలో గీత లేదు. రెండు అక్షరాలు పక్కపక్కనే ఉంటాయి, తర్వాతి కాలంలో మూడయ్యాయి. అంటే రాణి బొమ్మ ఉండి, అక్షరాలు భిన్నంలా ఉంటే 1954. రాణి బొమ్మ ఉండి, అక్షరాలు వరుసగా ఉంటే 1974 లేదా 1986. వెనకవైపు రాబిన్ పక్షులుంటే 1986. మొహం వయసు గురించి వాదించుకోనవసరమే లేదు.

భిన్నం ముందు నక్షత్రం గుర్తు కనిపిస్తే అది బదులు నోటు. అచ్చులో పాడైన నోటు స్థానంలో కట్టలో పెట్టింది. దానివల్ల సిరీస్ మారదు.

సరే, మనది 1954 అని తేలింది. పని ఇక్కడితో ఆగదు. 1954 అనే ముద్రతోనే ఈ నోట్లు దాదాపు రెండు దశాబ్దాలు అచ్చయ్యాయి, మధ్యలో బొమ్మ కూడా మారింది. రాణి బొమ్మకు ఆధారం 1951లో యూసఫ్ కార్ష్ తీసిన ఫోటో. చెక్కిన తీరు వల్ల చెవి వెనక జుట్టు వంపుల్లో వెలుగు పడిన చోట, పళ్లికిలించే దెయ్యం మొహం ఉన్నట్టు జనానికి కనిపించింది. ఎవరో కావాలని చెక్కారన్న పుకారు కూడా లేచింది. అది ఫోటోలోని వెలుగునీడలే తప్ప కుట్ర ఏమీ కాదు. అయినా 1956లో ఆ భాగాన్ని ముదురు చేసి అచ్చుపలకలు మార్చారు. అంతకుముందు నోట్లకు సేకర్తల మధ్య ‘డెవిల్స్ ఫేస్’ అన్న పేరు స్థిరపడింది.

పది రెట్లు పెద్దది చేసే భూతద్దంతో చెవి వెనక చూడండి. జుట్టు మధ్యలో తెల్లటి మచ్చలుండి, వాటిలో కళ్లు, ముక్కు ఊహించుకోగలిగితే పాత బొమ్మ. అంతా ముదురు గీతలతో నిండి ఉంటే మార్చిన బొమ్మ. అరిగిన నోటులో ఇది మోసం చేస్తుంది. సిరా చెరిగినా తెల్లటి మచ్చలు వస్తాయి కదా! అప్పుడు నోటు మీది బ్యాంకు గవర్నరు, డిప్యూటీ గవర్నరు సంతకాలు చూడాలి. కోయిన్-టవర్స్ సంతకాలుంటే పాత బొమ్మే. గవర్నర్ స్థానంలో రాస్మిన్‌స్కీ ఉంటే తప్పకుండా మార్చిన బొమ్మే, ఎందుకంటే ఆయన గవర్నరయింది 1961లో. చిక్కల్లా బీటీ-కోయిన్ జంటతోనే. కోయిన్ 1955 నుంచి 1961 దాకా గవర్నరు కాబట్టి, ఆ సంతకాలతో రెండు రకాలూ ఉన్నాయి. అలాంటి అరిగిన నోటుకు భిన్నంలోని అక్షరాలను కేటలాగ్‌లోని పట్టికతో పోల్చడమే దారి. ఏ అక్షరాల జంట దాకా పాత పలకలు వాడారో అందులో ఉంటుంది.

రాస్మిన్‌స్కీ సంతకం ఉన్న నోటును ‘డెవిల్స్ ఫేస్’ అని ఎవరైనా అమ్మజూపితే బేరం దాకా వెళ్లొద్దు. ఆ రెండూ ఒకే నోటు మీద ఉండవు.

చివరగా ఒక డాలరు నోటు గురించి ఒక మాట. 1967లో కెనడా సమాఖ్యకు వందేళ్లయిన సందర్భంగా తెచ్చిన నోటుకు ముందువైపు 1954 డిజైనే ఉంచి, వెనకవైపు పాత పార్లమెంటు భవనం వేశారు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకదానికి మామూలు భిన్నం అక్షరాలు, ఏడంకెల నంబరు ఉంటాయి. రెండోదానికి నంబరు చోట 1867, 1967 అని మాత్రమే ఉంటుంది. దాన్ని చూసి ‘భలే ప్రత్యేకమైన నంబరు’ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అసలది నంబరే కాదు, ఆ రకం నోట్లన్నిటి మీదా అవే అంకెలు.