పక్కవాడు చెప్పిన దారి: బీజీపీ గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు, హెచ్‌ఓడీ మేడమ్, ఇంకా స్టేజి మీదున్న పెద్దలు... పేరు పేరునా చదవడం మొదలుపెడితే నాకిచ్చిన టైమ్‌లో సగం అక్కడే పోద్ది, అందుకని అందరికీ కలిపి ఒకటే దండం. ల్యాబ్ ఓపెనింగ్‌కి రమ్మన్నారు, వచ్చా, రిబ్బన్ కట్ చేశారు, టీ కూడా అయింది, ఇంక నా గోడు వినండి.

గోడు ఏంటంటే, మా ఆఫీసులో ఫ్రెషర్స్‌ని ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఒక నెట్‌వర్క్ లోపల దారులు వెతికే ఓఎస్పీఎఫ్ అడిగితే బోర్డు మీద డైక్‌స్ట్రా గీసి మరీ చూపిస్తారు, అదే పని చేసే పాత ప్రోటోకాల్ రిప్ అడిగితే హాప్ కౌంట్ 15 దాటితే అన్‌రీచబుల్ అని టక్కున చెప్తారు. నెట్‌వర్కుల మధ్య దారులు చెప్పే బీజీపీ అడిగితే మాత్రం "పాత్ వెక్టర్ ప్రోటోకాల్ సార్" అని ఆగిపోతారు. సరే, పాత్ వెక్టర్ అంటే ఏంటమ్మా అంటే సైలెన్స్. పిల్లల్ని ఏమనను, సిలబస్‌లో లాస్ట్ యూనిట్‌లో అర పేజీ ఉంటది, అది కూడా "ఎగ్జామ్‌కి రాదులే" అని దాటేస్తారు. దేశాల మధ్య ట్రాఫిక్ నడిచేదేమో దాని మీద!

సరే మొదట్నుంచి వద్దాం. ఇంటర్నెట్ అంటే ఒక నెట్‌వర్క్ కాదు కదా, వేల నెట్‌వర్కులు, ఎవడిది వాడిదే. ఒక కంపెనీయో, టెలికామో, యూనివర్సిటీయో తన రౌటర్లన్నీ ఒకే పెత్తనం కింద నడుపుకుంటే దాన్ని అటానమస్ సిస్టమ్ అంటాం, దానికో నంబర్ ఉంటది, ఏఎస్ నంబర్. మన దేశంలో ఆ నంబర్లు ఇరిన్ అనే సంస్థ ఇస్తది. ఇలాంటి రెండు సిస్టమ్‌ల రౌటర్లు టీసీపీ పోర్ట్ 179 మీద కనెక్షన్ పెట్టుకుని "నా ద్వారా ఈ ఈ అడ్రస్‌లకి వెళ్లొచ్చు" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ అడ్రస్ బ్లాక్‌ని ప్రిఫిక్స్ అంటాం. బీజీపీ అంటే ఇదే, ఈ చెప్పుకోవడమే. 1989లో కర్క్ లోహీడ్, యాకోవ్ రెఖ్టర్ ఆస్టిన్‌లో మీటింగ్ మధ్యలో భోజనానికి కూర్చుని నేప్‌కిన్ల మీద దీని డిజైన్ రాసుకున్నారు, ఆ ఏడాదే దాని డాక్యుమెంట్, ఆర్‌ఎఫ్‌సీ 1105, వచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్. పక్కవాడు "నా దగ్గర్నుంచి అక్కడికి దూరం 3" అని నంబర్ చెప్తే ఏమవుద్ది? రిప్ అదే చేస్తది. ఆ చివర లింక్ తెగిపోయింది అనుకోండి, నువ్వు నీ దారి పోయింది అనుకునే లోపు పక్కవాడు "నాకు దూరం 3 ఉందిగా" అంటాడు, వాడికి ఆ 3 వచ్చిందే నీ దగ్గర్నుంచి అని నీకు తెలీదు, నువ్వు 4 అంటావు, వాడు 5 అంటాడు, ఇలా 16 దాకా ఇద్దరూ ఒకరినొకరు నమ్ముకుంటూ ఎక్కుతారు. మీరు చదివే కౌంట్ టు ఇన్ఫినిటీ ఇదే. ఎవరి దగ్గర విన్నావో వాళ్లకే తిరిగి చెప్పకు అనే స్ప్లిట్ హొరైజన్ పెడితే ఇద్దరి మధ్య ఆగుద్ది కానీ ముగ్గురు గుండ్రంగా ఉంటే మళ్లీ మొదటికే. లోపం ఎక్కడుందంటే, 3 అన్న నంబర్‌లో అది ఎవరి మీదుగా వచ్చిందో లేదు.

ఊళ్లో వార్త ఎలా తిరుగుద్దో చూడండి. "ఫలానా వాళ్ల స్థలం అమ్ముతున్నారంట" అని ఎవరో అంటారు, ఎవరు చెప్పారు అంటే సుబ్బయ్య, సుబ్బయ్యకి ఎవరు చెప్పారు అంటే రమణ, రమణకి ఎవరు అంటే... నువ్వే! నీ మాటే తిరిగి నీ దగ్గరికొచ్చింది, ఇంక దాన్ని పట్టించుకోవు. బీజీపీ సరిగ్గా ఈ పనే చేస్తది. ప్రతి ప్రిఫిక్స్‌తో పాటు అది ఏ ఏ ఏఎస్‌ల మీదుగా వచ్చిందో ఆ లిస్ట్ మొత్తం పంపుద్ది, దాన్నే ఏఎస్ పాత్ అంటారు. ఉదాహరణల కోసం పక్కన పెట్టిన నంబర్లతో చెప్తా. 64500 తన ప్రిఫిక్స్‌ని 64501కి చెప్పింది, లిస్ట్‌లో "64500" అని ఒక్కటే ఉంది. 64501 దాన్ని 64502కి చెప్పేటప్పుడు తన నంబర్ ముందు చేర్చి "64501 64500" అని పంపింది. 64502 తన నంబర్ కూడా చేర్చి తిరిగి 64500కే పంపింది అనుకోండి, 64500 లిస్ట్ చూసుకుని అందులో తన నంబర్ కనపడగానే చెత్తబుట్టలో వేస్తది. లూప్‌ని పట్టుకోవడానికి అనంతం దాకా లెక్కపెట్టక్కర్లేదు, లిస్ట్‌లో నా నంబర్ ఉందా లేదా అంతే.

ఇంకో సంగతి, అందరూ అన్నీ చెప్పరు. ఇది ఓఎస్పీఎఫ్‌లో ఉండదు, అక్కడ మ్యాప్ మొత్తం అందరికీ పంచేస్తారు. ఇక్కడ వ్యాపారం ఉంది. నాకు డబ్బు కట్టే కస్టమర్ రూట్లు అందరికీ చెప్తా, ఎందుకంటే వాళ్లకి ట్రాఫిక్ వస్తేనే నాకు డబ్బులు. నేను డబ్బు కట్టే అప్‌స్ట్రీమ్ వాడి రూట్లు మాత్రం నా కస్టమర్లకే చెప్తా, ఇంకో అప్‌స్ట్రీమ్‌కి చెప్తే వాళ్లిద్దరి ట్రాఫిక్ నా సొంత ఖర్చుతో మోస్తూ కూర్చోవాలి. అందుకే బీజీపీలో మంచి దారి అంటే దగ్గరి దారి అని కాదు, ఎవడి లెక్కలో వాడికి గిట్టుబాటయ్యే దారి.

దీని మీద నాకో కడుపుమంట ఉంది, టైమ్ పడితే పట్టింది, చెప్పాల్సిందే. మా కస్టమర్ ఒకాయన, రెండు లింకులు తీసుకున్నాడు, ఒకటి మెయిన్, ఒకటి బ్యాకప్. బ్యాకప్ మీద ట్రాఫిక్ రాకూడదని తన ఏఎస్ నంబర్‌నే ఆరేడు సార్లు వరసగా చేర్చి పంపించాడు, పాత్ పొడుగు కనిపిస్తే ఎవరూ రారులే అని. దీన్ని ప్రిపెండింగ్ అంటారు. అయినా బ్యాకప్ ఫుల్లు, మెయిన్ ఖాళీ. ఇంకా రెండు సార్లు చేర్చమంటారా అని ఫోన్ చేసి అడుగుతాడు! ఎన్ని చేర్చినా రాదండీ, ఎందుకంటే రౌటర్ ముందు చూసేది లోకల్ ప్రిఫరెన్స్, అంటే ఆ నెట్‌వర్క్ వాడు సొంతంగా పెట్టుకున్న ఇష్టం, పాత్ పొడుగు ఆ తర్వాత. బ్యాకప్ ఇచ్చిన ప్రొవైడర్ తన కస్టమర్ దగ్గర్నుంచి డైరెక్ట్‌గా వచ్చిన రూట్‌కి ఎక్కువ ప్రిఫరెన్స్ ఇచ్చుకున్నాడు, డబ్బు లెక్క లేకుండా ట్రాఫిక్ ఇచ్చిపుచ్చుకునే పీర్ దగ్గర్నుంచి వచ్చిన అదే రూట్‌కి తక్కువ. వాడి నెట్‌వర్క్‌లో పడ్డ ప్రతి ప్యాకెట్టూ బ్యాకప్ మీదకే వస్తది, లిస్ట్ ఎంత పొడుగున్నా. చివరికి ఆ ప్రొవైడర్ ఇచ్చిన కమ్యూనిటీ వాల్యూ, అంటే ఒక గుర్తు నంబర్, రూట్‌కి తగిలించి పంపితే వాడి దగ్గర ప్రిఫరెన్స్ తగ్గింది, అప్పుడు ట్రాఫిక్ మెయిన్‌కి మళ్లింది. ఈ ఒక్క ఆర్డర్, ముందు ప్రిఫరెన్స్ తర్వాత పాత్ పొడుగు, ఇది కాలేజీలో చెప్పరా అండీ?

సరే సరే, అసలు ప్రమాదం చెప్తా. ఏఎస్ పాత్ అనేది పక్కవాడు చెప్పిన లిస్ట్, అంతే. లూప్ పట్టిస్తది కానీ నిజమో కాదో చెప్పదు. 2008 ఫిబ్రవరి 24. పాకిస్తాన్‌లో యూట్యూబ్ బ్లాక్ చెయ్యమని గవర్నమెంట్ ఆర్డర్. పాకిస్తాన్ టెలికామ్, ఏఎస్ 17557, యూట్యూబ్ అడ్రస్‌లలో ఒక ముక్కకి తన నెట్‌వర్క్‌లో వేరే రూట్ పెట్టింది. అది ఇంట్లోనే ఉండాల్సింది, అప్‌స్ట్రీమ్ అయిన పీసీసీడబ్ల్యూ, ఏఎస్ 3491కి కూడా వెళ్లింది, వాళ్లు ఏమీ అడక్కుండా ప్రపంచానికి చెప్పేశారు. మన టైమ్‌లో 25వ తేదీ అర్ధరాత్రి దాటాక 12:17కి. అప్పుడు ప్రపంచంలో రౌటర్లకి రెండు మాటలు వినిపిస్తున్నాయి, పక్కన ఏఎస్‌లు తీసేసి చూపిస్తా:

```
208.65.152.0/22    ... 36561
208.65.153.0/24    ... 3491 17557
```

పైది యూట్యూబ్ చెప్పింది, 36561 వాళ్ల నంబర్, 1024 అడ్రస్‌లు. కిందది అందులోంచే 256 అడ్రస్‌ల ముక్క. రౌటర్‌కి ఈ రెండూ పోటీ కాదు, వేరే వేరే ప్రిఫిక్స్‌లు, రెండూ టేబుల్‌లో పెట్టుకుంటది, ప్యాకెట్ పంపేటప్పుడు చిన్న ముక్కనే ఎంచుకుంటది. ఇక్కడ పాత్ పొడుగు, ప్రిఫరెన్స్, ఏదీ చూడదు. ఆ 256 అడ్రస్‌ల ట్రాఫిక్ పాకిస్తాన్ వైపు పోయి అక్కడ పడిపోయింది.

యూట్యూబ్ వాళ్లు 80 నిమిషాల తర్వాత, 1:37కి, తామూ అదే /24ని చెప్పారు. ఇప్పుడు ప్రిఫిక్స్ ఒకటే కాబట్టి పోటీ మొదలైంది, చాలా చోట్ల పాత్ ఎవరిది చిన్నదైతే వాళ్ల వైపు, అంటే 3491కి దగ్గరున్నవాళ్లు ఇంకా తప్పు దారిలోనే. 1:48కి దాన్ని రెండు /25లుగా విడగొట్టి చెప్పారు, ఇంకా చిన్న ముక్క కాబట్టి అందుకున్న ప్రతి రౌటరూ యూట్యూబ్ వైపు తిరుగుద్ది, కానీ /24 కన్నా చిన్నది తీసుకోని నెట్‌వర్కులు చాలా ఉంటాయి, ఆ మందు అందరికీ అందదు. 2:21కి తప్పు రూట్ పాత్ "3491 17557 17557" అని మారింది, ఒక నంబర్ పెరిగింది, దాంతో ఇంకొందరు వెనక్కొచ్చారు. ఇందాక మా కస్టమర్‌కి పనిచెయ్యని ప్రిపెండింగ్ ఇక్కడ కాస్త పనిచేసింది చూశారా. 2:31కి 3491 వాళ్లు ఆ రూట్లు వెనక్కి తీసుకుంటే గానీ అయిపోలేదు.

ఈ హాల్లో కేబుల్ ఇంటర్నెట్ నడిపేవాళ్లు కూడా ఉన్నారు, వెనక కూర్చున్నవాళ్లు కాస్త వినండి, ఇది మీకే. ఆరోజు 3491 చెయ్యాల్సింది ఒక్కటే, ఈ కస్టమర్‌వి ఫలానా ప్రిఫిక్స్‌లు, అంతకుమించి తీసుకోను అని లిస్ట్ పెట్టుకోవడం. ఇప్పుడు ఆర్‌పీకేఐ ఉంది, ఏ ప్రిఫిక్స్ ఏ ఏఎస్ నుంచి పుట్టాలి, ఎంత చిన్న ముక్క దాకా ఒప్పుకోవాలి అని సంతకంతో రాసిపెడతారు. దాన్ని చెక్ చేసేవాళ్ల దగ్గర 17557 నుంచి పుట్టిన ఆ /24 ఇన్వాలిడ్ అయి ఆగిపోద్ది. కానీ అది చూసేది లిస్ట్‌లో చివరి నంబర్ మాత్రమే. ఎవడైనా కావాలనే చివర 36561 అని రాసి, దాని ముందు తన నంబర్ పెట్టుకుని పంపితే, ఆ సైజు ముక్కకి పర్మిషన్ ఉంటే చాలు, అది పాస్. మధ్యలో నంబర్లు నిజమా అని చూసే పద్ధతి, యాస్పా అని, ఇంటర్నెట్ రూల్స్ రాసే ఐఈటీఎఫ్‌లో నడుస్తోంది.

చిట్టీ వచ్చింది, టైమ్ అయిందంట. ఒక్క నిమిషం. ఈ కొత్త ల్యాబ్‌లో ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ వేశారు, మంచిది. మూడు రౌటర్లకి వేరే వేరే ఏఎస్ నంబర్లిచ్చి కలిపి చూడండి, సెషన్ లేస్తది కానీ రూట్ ఒక్కటీ రాదు, `show bgp summary` కొడితే నంబర్ ఉండాల్సిన చోట `(Policy)` అని ఉంటది. అది బగ్ కాదు, ఫిల్టర్ రాయకపోతే ఏదీ తీసుకోకు, ఏదీ చెప్పకు అని 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8212 పెట్టిన రూల్. నెట్‌లో వెతికితే వెంటనే దొరికే సమాధానం ఇదీ:

```
no bgp ebgp-requires-policy
```

ఇది కొడితే రూట్లన్నీ గలగలా వచ్చేస్తాయి, ల్యాబ్ రికార్డ్ కూడా నిండుద్ది. సార్లకి నా రిక్వెస్ట్, ఈ లైన్ ఉన్న రికార్డ్ మీద సంతకం పెట్టకండి, ప్రిఫిక్స్ లిస్ట్ రాయించి అప్పుడు పెట్టండి. ఆ తర్వాత మూడో రౌటర్ నుంచి మొదటి రౌటర్ తాలూకు /24 ఒకటి కావాలని చెప్పించండి, రెండో రౌటర్ లిస్ట్ దాన్ని ఆపిందా లేదా `show bgp ipv4 unicast`లో పిల్లలే చూసుకుంటారు. ఉంటానండీ, నమస్కారం.