పెళ్లి వెబ్‌సైటులో స్వాగత వాక్యాలు: పర్లాకిమిడి నుంచి ఒక సంభాషణ

వ్యాఖ్యాత: అక్కా, మీ తమ్ముడి పెళ్లికి వెబ్‌సైటులో స్వాగత వాక్యాలు మీరే రాశారు. అన్నిటికంటే కష్టమనిపించింది ఏది?

అతిథి: ముహూర్తమేనమ్మా. మన పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, రైలు టికెట్టుకేమో అర్ధరాత్రి పన్నెండుకే తేదీ మారిపోతుంది. అంతకుముందు మా బంధువుల పెళ్లి శుభలేఖలో "శుక్రవారం రాత్రి 2.14, తెల్లవారితే శనివారం" అని సరిగానే ఉంది. వెబ్‌సైటులో మాత్రం "శనివారం 2.14" అని వేశారు. దాన్ని మధ్యాహ్నమనుకుని మా పెద్దమామయ్య శనివారం పదకొండింటికి, పట్టుపంచె సంచితో సహా వచ్చారు. అప్పటికి పందిట్లో అరటి బోదెలు విప్పుతున్నారు. ఆయన ముఖం నేను మరచిపోలేదు.

వ్యాఖ్యాత: మరి మీరు ఎలా రాశారు?

అతిథి: "20వ తేదీ శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకల్లా దయచేయండి, భోజనాలు ఎనిమిదింటికి, జీలకర్ర బెల్లం ఆ రాత్రే 2.14కు, అంటే క్యాలెండరు ప్రకారం 21వ తేదీ తెల్లవారుజామున" అని రాశాను. ముందుగా చేరవలసిన సమయం చెబితే ముహూర్తం గురించి తికమక ఉండదు. అదే మాటను ఒడియాలోనూ పెట్టించాము, ఎందుకంటే పెళ్లికూతురి తరఫు వారిలో సగం మంది తెలుగు మాట్లాడతారే గాని చదవరు.

వ్యాఖ్యాత: ప్రయాణం సంగతి?

అతిథి: మన ఊరి పేరును ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తారు కాబట్టి, టికెట్టు కోసం వెతికేవారికి దొరకదు. అందుకే హౌరా–చెన్నై మార్గంలో పలాస, కోడు PSA, అని ఇచ్చి, అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్లు రోడ్డు ప్రయాణమని, రాత్రి దిగేవారు ముందుగా ఫోను చేస్తే కారు పంపుతామని రాశాను.

వ్యాఖ్యాత: దుస్తుల విషయంలో ఎవరూ నొచ్చుకోలేదా?

అతిథి: ఇది వేసుకోండి, అది వద్దు అని రాస్తే పిలుపు ఆజ్ఞలా ఉంటుంది. "పెళ్లి ఆరుబయట పందిట్లో, చాపల మీద కూర్చోవాలి, తెల్లవారుజామున చలి ఉంటుంది" అని స్థలం సంగతి చెప్పాను. ఎవరికి ఏది తగునో వారే తెలుసుకున్నారు. ముసలివారికి కుర్చీలు ఉంటాయని కూడా చేర్చాను.

వ్యాఖ్యాత: కానుకలు?

అతిథి: "కానుకలు వద్దు" అని మొదట రాస్తే నాయనమ్మ ఒప్పుకోలేదు. చదివింపులు అప్పుతీర్చుకోవడం లాంటివి. మనం వాళ్లింట రాయించిన నూటపదహార్లు వాళ్లు మనింట రాయించకుండా ఆపితే, వారిని బాకీలో ఉంచినట్టవుతుందన్నది ఆమె మాట. అది నాకు న్యాయంగా తోచింది. అందుచేత మొదటి పేజీలో కానుకల ప్రస్తావనే తీసివేసి, ప్రయాణ వివరాల అడుగున ఇలా పెట్టాను: "వధూవరులు పెళ్లయిన వారానికే పుణె వెళుతున్నారు, పెద్ద సామాను తీసుకుపోలేరు. చదివింపులు రాయించదలచినవారికి పందిరి ద్వారం దగ్గర పెదనాన్నగారు పుస్తకంతో ఉంటారు. మైకులో చదవడం ఉండదు." ఆ చివరి మాట వల్లే తక్కువ ఇవ్వగలిగినవారు కూడా నిశ్చింతగా ముందుకు వచ్చి రాయించారు.