తండ్రి కంటే ముందే కొడుకు పోతే: తాత ఆస్తిలో మనవలకు ఎంత?

(చర్చా కార్యక్రమం పూర్తి పాఠం)

యాంకర్: నమస్కారం. ఈరోజు చర్చ ఒకే ప్రశ్న మీద. తండ్రి బతికుండగానే కొడుకు చనిపోయాడు. తర్వాత కొన్నాళ్లకు తండ్రి కూడా వీలునామా రాయకుండానే కన్నుమూశారు. ఆ కొడుకు భార్యకు, పిల్లలకు ఏం వస్తుంది? స్టూడియోలో సివిల్ కేసులు చూసే న్యాయవాది గారు, సబ్ రిజిస్ట్రార్‌గా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. కృష్ణా జిల్లా నుంచి ఒక సోదరి ఫోన్ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం మేడమ్. మా ఆయన నాలుగేళ్ల కిందట పోయారు. పోయిన ఏడాది మామగారు పోయారు. ఆయన సొంతంగా కొనుక్కున్న పొలం ఎనిమిదెకరాలు ఉంది. అత్తగారు ఉన్నారు, ఒక మరిది, ఒక ఆడపడుచు. నాకు ముగ్గురు పిల్లలు, చిన్నవాడికి పదకొండేళ్లు. మరిదేమో, అన్నయ్య నాన్న కంటే ముందే పోయాడు కాబట్టి మీకు వాటా లేదు, పిల్లల మొహం చూసి ఏదో ఒకటి ఇస్తాం అంటున్నాడు. మా పుట్టింటి వాళ్లేమో, మీరు నలుగురున్నారు, తలకో వాటా అడుగు అంటున్నారు. ఏది నిజం?

న్యాయవాది: రెండూ కాదమ్మా. ముందు మీ మరిది మాట తీసుకుందాం. మీవాళ్లు హిందువులే కదా?

కాలర్: అవునండీ.

న్యాయవాది: అయితే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. మగమనిషి వీలునామా లేకుండా పోతే మొదటి తరగతి వారసులకు ఆస్తి చెందుతుంది. భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి అందులో ఉంటారు. వాళ్లతో పాటే, ముందే చనిపోయిన కొడుకు భార్య, ఆ కొడుకు పిల్లలు కూడా అదే జాబితాలో ఉంటారు. ఒకరి తర్వాత ఒకరు కాదు, అందరికీ ఒకేసారి హక్కు వస్తుంది. కాబట్టి మీకు పెట్టేది దయ కాదు. మీ మామగారు కన్నుమూసిన నిమిషానే మీ వాటా మీదైపోయింది.

యాంకర్: మరి తలకో వాటా?

న్యాయవాది: అక్కడే పుట్టింటి వాళ్ల లెక్క తప్పింది. చట్టం తలలు లెక్కపెట్టదు, శాఖలు లెక్కపెడుతుంది. పదో సెక్షన్‌లో ఆ లెక్క ఉంది. భార్యకు ఒక వాటా. బతికున్న ప్రతి కొడుకుకీ, ప్రతి కూతురికీ ఒక్కో వాటా. చనిపోయిన కొడుకు శాఖ మొత్తానికి కలిపి ఒకటే వాటా. ఆయనే బతికుంటే ఆయనకు ఎంత వచ్చేదో అంత. దాన్ని ఆ శాఖలో వాళ్లు సమానంగా పంచుకుంటారు. చట్టం చదివేవాళ్లు దీన్ని పెర్ స్టిర్పీస్ అంటారు. తలలు లెక్కపెట్టేది పెర్ క్యాపిటా.

ఎనిమిదెకరాలకు చూద్దాం. అత్తగారు, మరిది, ఆడపడుచు, మీ ఆయన శాఖ, ఇలా నాలుగు వాటాలు. వాటాకి రెండెకరాలు. మీ శాఖకొచ్చిన రెండెకరాల్లో మీరు, ముగ్గురు పిల్లలు కలిపి నలుగురు. తలా అర ఎకరం, అంటే యాభై సెంట్లు. తలల లెక్క వేసుంటే ఏడుగురు అయ్యేవారు, మీ కుటుంబానికి నాలుగున్నర ఎకరాలు దాటేది. అప్పుడు ఎక్కువ పిల్లలున్న ఇంటికి ఎక్కువ పోయి, మీ ఆడపడుచుకీ అత్తగారికీ తగ్గిపోయేది. మీకు బాధ కలిగించే మాటే, కానీ ఇప్పుడే తెలిస్తే మంచిది. తలల లెక్కతో కోర్టుకెళితే అది నిలబడదు, రెండెకరాల లెక్క నిలబడుతుంది.

కాలర్: మరిదికి కూడా ఇద్దరు పిల్లలున్నారండీ. వాళ్ల లెక్క ఏమిటి?

న్యాయవాది: వాళ్లకు ఇప్పుడు ఏమీ రాదు. తండ్రి బతికున్నాడు కాబట్టి ఆ శాఖకు ఆయనే మనిషి. తాత ఆస్తి అంటే మనవలందరికీ పుట్టుకతోనే హక్కు ఉంటుందని ఊళ్లో చాలామంది అనుకుంటారు. తాత స్వార్జితం ఈ చట్టం కింద కొడుకు చేతికొస్తే అది ఆ కొడుకు సొంత ఆస్తే. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. మీ పిల్లలకు రావడానికి కారణం వాళ్లు మనవలు కావడం కాదమ్మా, వాళ్ల తండ్రి లేకపోవడం. పిత్రార్జితం అయితే లెక్క ఇంకో చోట మొదలవుతుంది, ముందు తాతగారి వాటా ఎంతో తేల్చాలి. మీది స్వార్జితం కాబట్టి ఆ దారి పట్టక్కర్లేదు.

యాంకర్: సర్, కొడుకులందరూ ముందే పోయి, మనవలే మిగిలితే? అప్పుడైనా తలా సమానమేనా?

న్యాయవాది: మంచి ప్రశ్న. నా దగ్గరికొచ్చే కుటుంబాల్లో ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఇద్దరు కొడుకులు పోయారు, కోడళ్లు కూడా లేరు అనుకుందాం. పెద్దవాడికి ఒక కొడుకు, చిన్నవాడికి ముగ్గురు పిల్లలు. తాతకు మిగిలింది ఈ నలుగురే, పొలం అదే ఎనిమిదెకరాలు. అందరూ ఒకే వరసలో ఉన్న మనవలు కదా, తలా రెండెకరాలు అనిపిస్తుంది. హిందూ చట్టంలో అలా కాదు. పెద్ద కొడుకు శాఖకు నాలుగు, చిన్న కొడుకు శాఖకు నాలుగు. పెద్దవాడి కొడుకు ఒక్కడికే నాలుగెకరాలు. చిన్నవాడి పిల్లలకు ఎకరా ముప్పై మూడు సెంట్ల చొప్పున. పిల్లలు దీన్ని అన్యాయం అనుకుంటారు. చట్టం చూసేది మాత్రం కొడుకుల మధ్య సమానత్వం, మనవల మధ్య కాదు.

అదే కుటుంబం క్రైస్తవులైతే లెక్క మారిపోతుంది. వాళ్లకు 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్. పిల్లలెవరూ మిగలకుండా మనవలు మాత్రమే ఉంటే, ముప్పై ఎనిమిదో సెక్షన్ ప్రకారం మనవలందరికీ సమానంగా పంచుతారు. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ముగ్గురు బిడ్డలు ముందే పోయారు, వాళ్లకు వరసగా ఇద్దరు, ముగ్గురు, నలుగురు పిల్లలు. మొత్తం తొమ్మిది మందికి తలా తొమ్మిదో వంతు. ఇది అచ్చంగా తలల లెక్క. కొడుకుల్లో ఒక్కరు బతికున్నా మళ్లీ శాఖల లెక్కే. ఇంకో తేడా, ఆ చట్టంలో మామగారి ఆస్తిలో కోడలికి వాటా లేదు, పిల్లలకే.

యాంకర్: ముస్లిం కుటుంబాల్లో?

న్యాయవాది: ఇంకొక కొడుకు బతికుంటే, పోయిన కొడుకు పిల్లలకు ఏమీ రాదు. దగ్గరివాడు దూరపువాణ్ని పక్కకు నెడతాడన్నది అక్కడి సూత్రం. పాకిస్తాన్ 1961లో ఒక ఆర్డినెన్స్ తెచ్చి అలాంటి పిల్లలకు శాఖ వాటా ఇచ్చింది. మన తెలుగు రాష్ట్రాల్లో అలాంటి మార్పు రాలేదు. అందుకే తాత బతికుండగానే హిబా, అంటే దానం చేయాలి, లేదా ఆస్తిలో మూడో వంతు మించకుండా వసియ్యత్, అంటే వీలునామా రాయాలి. కొడుకుని పోగొట్టుకున్న ముస్లిం పెద్దలు వాయిదా వేయకూడని పని అది.

యాంకర్: పెద్దాయనా, కాగితాల దగ్గర ఏం జరుగుతుంది? ఈ సోదరి ఏం చూసుకోవాలి?

విశ్రాంత సబ్ రిజిస్ట్రార్: అమ్మా, మామగారు పోయాక తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకున్నారా?

కాలర్: మరిది తీసుకున్నాడు. నేను చూడలేదు సర్.

విశ్రాంత సబ్ రిజిస్ట్రార్: ముందు అది చూడండి. అర్జీలో బతికున్న భార్య, కొడుకు, కూతురు పేర్లే రాసి, పోయిన కొడుకు పేరు వదిలేస్తారు. ఊళ్లో విచారణకు వచ్చినవాళ్లు కూడా ఉన్నవాళ్లను అడిగి రాసుకుంటారు. పోయినవాడి పేరు పక్కన చనిపోయినట్టు రాసి, కింద భార్యాపిల్లల పేర్లు ఉండాలి. అవి లేకపోతే, మీ ఆయన డెత్ సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు జతచేసి తహసీల్దార్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. రసీదు తీసుకోండి.

దాని తర్వాత ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయించండి. పొలం మీద మీకు తెలియకుండా భాగ పరిష్కార దస్తావేజు గానీ అమ్మకం గానీ రిజిస్టర్ అయిందేమో తెలుస్తుంది. పాస్ పుస్తకంలో మరిది పేరు ఎక్కినంత మాత్రాన గాబరాపడొద్దు. పేరు ఎక్కించడం పన్ను వసూలు కోసం, హక్కు దానివల్ల పుట్టదు, పోదు.

యాంకర్: సంతకం పెట్టమని అడిగితే?

విశ్రాంత సబ్ రిజిస్ట్రార్: మీ సొంత యాభై సెంట్లకే మీరు సంతకం పెట్టగలరు. మైనర్ పిల్లవాడి వాటాను తల్లి కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు, వదులుకోకూడదు. నేను సీట్లో ఉన్నప్పుడు ఇలాంటి దస్తావేజుతో వచ్చేవాళ్లకు ఇదే చెప్పేవాణ్ని. పెద్దవాళ్లు రాజీపడి రాసుకుంటారు, పిల్లవాడికి పద్దెనిమిది నిండాక మూడేళ్లలోపు దావా వేస్తాడు, కొనుక్కున్నవాడు కూడా చిక్కుల్లో పడతాడు. మీ మరిదికి కూడా ఈ మాట చెప్పండి. పిల్లల వాటా సరిగ్గా రాయించడం ఆయనకూ రక్షణే.

న్యాయవాది: కుటుంబంలో మాట కుదరకపోతే భాగ పరిష్కార దావా వేయాలి. ఈలోగా పొలం అమ్మకుండా ఇంజంక్షన్ అడగొచ్చు. మొదట మాత్రం అత్తగారితో, ఆడపడుచుతో మాట్లాడండి. వాళ్ల వాటా ఎంతో వాళ్లకు కూడా ఎవరూ చెప్పి ఉండరు.

యాంకర్: బతికున్న తాతలు ఇది చూస్తుంటే, వీలునామాలో ఎలా రాయాలి?

న్యాయవాది: ‘నా మనవలందరికీ సమానంగా’ అని రాస్తే తలల లెక్క అవుతుంది, బతికున్న కొడుకు పిల్లలు కూడా అందులోకి వచ్చేస్తారు. ‘నా పెద్ద కొడుకుకు రావలసిన వాటా, అతని భార్యకు, పిల్లలకు’ అని పేర్లతో రాస్తే శాఖ లెక్క అవుతుంది. ఏది కావాలో మనసులో ఉంటే చాలదు, కాగితం మీద ఉండాలి.

కాలర్: ఒక్క మాట సర్. అత్తగారు నాతోనే ఉంటారు. ఆమె రెండెకరాలు తర్వాత ఎవరికి?

న్యాయవాది: ఇది అడిగి మంచి పని చేశారు. ఆమె వీలునామా రాయకపోతే ఆడవాళ్ల ఆస్తికి వేరే సెక్షన్ ఉంది. కొడుకు, కూతురు, పోయిన కొడుకు పిల్లలు వారసులు. పోయిన కొడుకు భార్య పేరు అక్కడ లేదు. రెండెకరాలు మూడు శాఖలవుతాయి. మీ శాఖకు అరవై ఆరు సెంట్ల పైచిలుకు, అది మీ ముగ్గురు పిల్లలకు తలా ఇరవై రెండు. మీకు మాత్రం ఏమీ రాదు, మీరే ఆమెను చూసుకున్నా సరే. ఆమెకు ఇవ్వాలని ఉంటే, ఓపిక ఉన్నప్పుడే ఇద్దరు సాక్షుల సమక్షంలో వీలునామా రాయమనండి.

కాలర్: అడుగుతాను సర్. రేపే అడుగుతాను.